బ్యాంకులో 400 రోజులకు ఎక్కువ, 5 ఏళ్లకు తక్కువ వడ్డీ. మాంద్యానికి గుర్తంటే ఇదేనా?

ఆమదాలవలస మాస్టారు | 11 ఆగస్టు 2024, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. శుక్రవారం శ్రీకాకుళం వెళ్లాను. మా అమ్మాయి పేరున 10 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. ఊళ్లో పొలం చెక్క అమ్మిన డబ్బు, ఆమె వాటా. బ్యాంకులో క్యాషియర్ కిటికీ పక్కన వడ్డీ రేట్ల బోర్డు ఉంటుంది కదా, నా టోకెన్ వచ్చేలోపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. 400 రోజులకు 7.10 శాతం, 5 ఏళ్లకు 6.50 శాతం అని ఉంది. పొరపాటున అటుదిటు పెట్టారేమోనని అడిగాను. కరెక్టేనండి అన్నారు.

ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. ఎక్కువ కాలం డబ్బు వదులుకున్నవాడికి ఎక్కువ వడ్డీ రావాలన్నది నాకు తెలిసిన న్యాయం. ఇంటికొచ్చి మా అల్లుడితో అంటే, అమెరికాలో కూడా బాండ్లకి ఇలాగే తలకిందులైందనీ, అలా అయితే మాంద్యం వస్తుందంటారనీ చెప్పాడు. మన బోర్డు చెప్పేది కూడా అదేనా? డబ్బు ఎందులో వేయాలో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

రాజాం కుర్రాడు | 11 ఆగస్టు 2024, ఉదయం 8:15

మాస్టారూ, మీ అల్లుడుగారు చెప్పింది నిజం. దీన్ని ఈల్డ్ కర్వ్ ఇన్వర్షన్ అంటారు. ఈల్డ్ అంటే బాండ్ మీద వచ్చే రాబడి. అమెరికాలో రెండేళ్ల బాండ్ ఈల్డ్ పదేళ్ల బాండ్ ఈల్డ్‌ని దాటితే మాంద్యం ఖాయం. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు. 2022 జూలైలో దాటింది, రెండేళ్లయినా ఇంకా అలాగే ఉంది. మొన్న 5వ తేదీన మార్కెట్లు ఎలా పడ్డాయో చూశారు కదా. నేను మ్యూచువల్ ఫండ్లు సగం అమ్మేశాను. మీరు డబ్బు చేతికందేలా ఉంచుకోండి, అంతే.

పలాస జీడి | 11 ఆగస్టు 2024, ఉదయం 9:02

ఏటండీ ఇది, పొద్దున్నే టెన్షన్ పెట్టేస్తున్నారు! మాకు జీడి పిక్కలు ఆడించే బట్టీ ఉంది. బ్యాంకులో సీసీ అప్పు 60 లక్షలు. ఏడాదిన్నరగా వడ్డీ ఒక్క పైసా తగ్గలేదు. మాంద్యం వస్తే బ్యాంకులు వడ్డీ ఇంకా పెంచేస్తాయా? అలాగైతే ఈ దసరాకి పిక్కలు నిల్వ చేయకుండా ఆగిపోతాను. ఎవరైనా సూటిగా చెప్పండి.

కోటజంక్షన్ | 11 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1:30

మాస్టారికి నమస్కారం. నాది విజయనగరం. ముంబయిలో ఒక బ్యాంకు ట్రెజరీలో 22 ఏళ్లు బాండ్లు కొని అమ్మాను. రెండేళ్ల కిందట ఇంటికి వచ్చేశాను. మీరు లెక్కల మాస్టారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

మార్కెట్లో ఏడాదికి 7 శాతం, రెండేళ్లకు 6.5 శాతం దొరుకుతున్నాయి అనుకోండి. లక్ష రూపాయలు రెండేళ్లకు వేస్తే చివర్లో 1,13,422 వస్తాయి. ఏడాదికే వేస్తే 1,07,000. ఈ రెండు దారులూ ఒకటే కావాలంటే ఆ 1,07,000 రెండో ఏడు 6,422 సంపాదించాలి. అంటే 6 శాతం. తెలిసి తెలిసి రెండేళ్లకు 6.5 తీసుకుంటున్నవాడు పిచ్చివాడు కాదు. వచ్చే ఏడాది వడ్డీలు 6కి గాని, ఇంకా కిందికి గాని పడతాయని అనుకుంటున్నాడు. ఇలా తలకిందులైన వడ్డీల వరస చెప్పేది ఇంతే. ముందు ముందు చిన్న వడ్డీలు తగ్గుతాయన్న నమ్మకం అందులో ఉంది. మాంద్యం అన్న మాట అందులో ఎక్కడా లేదు, దాన్ని మనం చేరుస్తున్నాం.

ఎందుకు చేరుస్తామంటే, రిజర్వు బ్యాంకుగాని అమెరికా ఫెడ్‌గాని వడ్డీలు బాగా తగ్గించేది చాలాసార్లు పనులు మందగించినప్పుడే. అందుకే ఆ రెండూ కలిసి కనబడతాయి. కాని ధరల పెరుగుదల దానంతట అది శాంతించినా వడ్డీలు తగ్గించవచ్చు. అప్పుడు వరస తలకిందులై ఉంటుంది, మాంద్యం మాత్రం రాదు. ఇప్పుడు అమెరికాలో అసలు తేలాల్సిన సంగతి ఇదే. 2022 జూన్‌లో అక్కడ ధరలు 9.1 శాతం పెరిగాయి, ఏడాది తిరిగేసరికి అది 3 శాతం దగ్గరికి వచ్చింది. బాండ్లు కొన్నవాళ్లు ఆశించింది ఆ తగ్గుదలనా, మాంద్యాన్నా? బయటి నుంచి చూసి చెప్పలేం, రెండూ ఒకే తలకిందు వరసలో దాక్కుంటాయి.

కోటజంక్షన్ | 11 ఆగస్టు 2024, మధ్యాహ్నం 1:41

పలాస బాబుకి ఒక ముక్క. మీ సీసీ అప్పు రెపో రేటుకి, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు వడ్డీకి, ముడిపడి ఉండి ఉంటుంది, మంజూరు కాగితం చూసుకోండి. రెపో 2023 ఫిబ్రవరి నుంచి 6.50 దగ్గరే ఉంది, అందుకే మీకు పైసా కదల్లేదు. మాంద్యం వస్తే రెపో సాధారణంగా తగ్గుతుందే గాని పెరగదు. మీ భయం తిరగబడి ఉంది. అప్పుడు మీకు కష్టం వడ్డీ నుంచి కాదు, పప్పు అమ్ముడుపోకపోవడం నుంచి వస్తుంది.

పలాస జీడి | 11 ఆగస్టు 2024, మధ్యాహ్నం 2:20

ధన్యవాదాలు గురువుగారూ. కాగితం తీసి చూశాను, రెపో ప్లస్ అనే రాసుంది. మరి రెపో తగ్గేదాకా ఆగి పిక్కలు కొనమంటారా?

కోటజంక్షన్ | 11 ఆగస్టు 2024, మధ్యాహ్నం 2:34

అది నేను చెప్పలేను బాబూ. పిక్కల ధర మీకు తెలిసినంత నాకు తెలియదు. అర శాతం వడ్డీ కోసం సీజన్ పోగొట్టుకోవద్దని మాత్రం అంటాను.

లక్ష్మి, ఎకనామిక్స్ | 11 ఆగస్టు 2024, సాయంత్రం 6:10

విజయనగరంలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. రాజాం తమ్ముడు “ఒక్కసారి కూడా తప్పలేదు” అన్నాడు, అక్కడ ఆగాలి. 1966లో అమెరికాలో వరస తలకిందులైంది. అప్పులు బిగుసుకున్నాయి, వృద్ధి మందగించింది, మాంద్యం మాత్రం రాలేదు. 1968 నుంచి లెక్కేసినా అక్కడ వచ్చిన మాంద్యాలు మొత్తం ఎనిమిదే. అందులో 2020 మాంద్యం కరోనా వల్ల వచ్చింది. 2019లో తలకిందులైన బాండ్లకి వైరస్ సంగతి ముందే తెలుసని ఎవరూ అనలేరు కదా. ఏడెనిమిది ఉదాహరణలతో “ఖాయం” అంటే మా పిల్లలకు కూడా నేను మార్కులు వేయను.

ఇంకొకటి, ఏ రెండు బాండ్లను పోలుస్తున్నామన్నది కూడా చూడాలి. ఈ సంగతిని 1986లో షికాగో విశ్వవిద్యాలయంలో తన పరిశోధనలో పెట్టిన క్యాంప్‌బెల్ హార్వే చూసింది మూడు నెలల బిల్లును, అంటే ప్రభుత్వం మూడు నెలలకు తీసుకునే అప్పును. మాంద్యం వచ్చే అవకాశం ఎంతో న్యూయార్క్ ఫెడ్ నెలనెలా వేసే అంచనా కూడా పదేళ్లకీ మూడు నెలలకీ మధ్య తేడా మీదే. టీవీలో చూపేది రెండేళ్ల బాండ్‌ని. రెండూ ఒకేసారి తిరగబడవు. ఈసారి రెండేళ్లది 2022 జూలైలో తిరిగితే, మూడు నెలలది అక్టోబరు చివర్లో తిరిగింది.

అయితే కోటజంక్షన్ గారితో నాకొక పేచీ ఉంది. మీరు దీన్ని ఉత్త అద్దంలా చెబుతున్నారు. బ్యాంకులు తక్కువ కాలానికి డిపాజిట్లు తెచ్చి ఎక్కువ కాలానికి అప్పిస్తాయి. తెచ్చే వడ్డీ ఇచ్చే వడ్డీని మించితే కొత్త అప్పులు తగ్గించేస్తాయి. అప్పులు ఆగితే పనులు ఆగుతాయి. అంటే తలకిందులవడం గుర్తు మాత్రమే కాదు, కొంత కారణం కూడా.

రాజాం కుర్రాడు | 11 ఆగస్టు 2024, రాత్రి 9:05

మేడం, 1966 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కాని న్యూయార్క్ ఫెడ్ అంచనా కిందటేడాది 70 శాతం కూడా దాటింది. చిన్న సంఖ్య కాదు కదా? పైగా 2001, 2008 రెండింటి ముందూ మాంద్యం మొదలయ్యేసరికి వరస మళ్లీ మామూలైపోయింది. 2007లో జూన్ కల్లా సరిగా నిలబడింది, మాంద్యం డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు కూడా రెండేళ్లకీ పదేళ్లకీ తేడా సున్నా దగ్గరికి వచ్చేసింది. నా భయమంతా అదే.

కోటజంక్షన్ | 12 ఆగస్టు 2024, ఉదయం 6:50

ఇది సరైన మాట. చాలామందికి తెలియదు కూడా. ప్రమాదం దగ్గరపడేది వరస తలకిందులుగా ఉన్నప్పుడు కాదు, తిరిగి లేచేటప్పుడు. కాని ఎలా లేస్తుందో చూడాలి. చిన్న వడ్డీలు గబగబా పడిపోయి లేస్తే, ఫెడ్ ఏదో చూసి భయపడి తగ్గిస్తోందని అనుకోవాలి. 2007 ఆగస్టు తర్వాత జరిగింది అదే. ధరలు చల్లబడినందుకు నింపాదిగా తగ్గిస్తూ ఉంటే అది వేరు. మొదటి రెండు మూడు నెలల్లో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. ఉద్యోగాల లెక్కలు పక్కన పెట్టుకుని చూస్తేనే తేడా తెలుస్తుంది. జూలైలో అక్కడ నిరుద్యోగం 4.3 శాతానికి పెరిగింది, అందుకే మీ భయాన్ని నేను తీసిపారేయను. ఒకటి గుర్తుపెట్టుకోండి: 2007 డిసెంబరులో మొదలైన మాంద్యాన్ని అక్కడి అధికారిక సంఘం ప్రకటించింది 2008 డిసెంబరు 1న. ఏడాది పాటు లోపలే ఉండి కూడా లోపల ఉన్నామని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

లక్ష్మిగారికి: మీ వాదనలో నిజం ఉంది, కాని ఈసారి అది అంత పనిచేయలేదనుకుంటాను. అమెరికాలో ఇళ్ల అప్పులు చాలామందికి 30 ఏళ్లు ఒకే వడ్డీ మీద, అదీ పాత చవక రోజుల్లో తీసుకున్నవి. ఫెడ్ 5.25–5.50 దాకా పెంచినా వాళ్ల కిస్తీ మారలేదు. బ్యాంకుల్లో చాలా డిపాజిట్లు కూడా ఇంచుమించు వడ్డీ లేకుండానే పడి ఉన్నాయి.

లక్ష్మి, ఎకనామిక్స్ | 12 ఆగస్టు 2024, ఉదయం 8:30

డిపాజిట్లు పడి ఉన్నాయంటే ఒప్పుకోను. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మునిగింది ఎందుకు? డిపాజిటర్లు పరిగెత్తబట్టే కదా!

కోటజంక్షన్ | 12 ఆగస్టు 2024, ఉదయం 9:10

అక్కడ డిపాజిటర్లు పరిగెత్తడానికి ముందు బాండ్లు పడ్డాయండి. చవక వడ్డీ రోజుల్లో దీర్ఘకాలం బాండ్లు కొని కూర్చున్నారు, వడ్డీలు పెరగ్గానే వాటి ధర పడిపోయింది. 7 శాతం ఇచ్చే పదేళ్ల బాండ్‌ని 100 పెట్టి కొన్నాక మార్కెట్ 8కి పోతే దాని ధర 93 రూపాయలే. ఏడు రూపాయలు అక్కడే పోయాయి. అది వరస తలకిందులవడం వల్ల కాదు, మొత్తం వరసే పైకి లేవడం వల్ల వచ్చిన దెబ్బ. కాని బ్యాంకుల మీద ఒత్తిడి పెరిగి అప్పులు కొంత బిగుసుకున్నాయన్నది నిజమే, అంతవరకు మీ మాటే నిలబడుతుంది.

ఆమదాలవలస మాస్టారు | 12 ఆగస్టు 2024, ఉదయం 10:45

అమెరికా సంగతి అర్థమవుతోంది. నా బోర్డు సంగతి ఎవరూ తేల్చలేదు బాబూ.

కోటజంక్షన్ | 12 ఆగస్టు 2024, సాయంత్రం 5:20

క్షమించండి మాస్టారూ, మీ ప్రశ్న వదిలేసి ఎక్కడికో పోయాం.

మీరు చూసింది ఒక బ్యాంకు పెట్టిన బోర్డు. నలుగురు కూడి పాడిన ధర కాదు. ఆ బ్యాంకుకి ఏడాది, ఏడాదిన్నరకి డబ్బు కావాలి, అందుకని 400 రోజులకు ఎక్కువ ఇస్తోంది. ముందు ముందు రెపో తగ్గవచ్చని దానికీ తెలుసు, అందుకని అయిదేళ్లు 7.10 ఇస్తానని మాట ఇవ్వదు. రెండూ కలిసి ఉన్నాయి. దేశం సంగతి చూడాలంటే ప్రభుత్వ బాండ్లు చూడాలి. ఇవాళ మన 91 రోజుల బిల్లు 6.6 దగ్గర, పదేళ్ల బాండ్ 6.9 దగ్గర ఉన్నాయి. తలకిందులు కాలేదు, బల్లపరుపుగా ఉంది. ఆ బల్లపరుపుకి కూడా మాంద్యం భయం కారణం కాదు. ఎల్‌ఐసీ, పీఎఫ్ లాంటివి దీర్ఘకాలం బాండ్లు కొంటూనే ఉండాలి. పైగా జూన్ 28 నుంచి మన బాండ్లు జేపీ మోర్గాన్ వారి బాండ్ల సూచీలో చేరాయి, దాన్ని చూసి కొనే విదేశీ డబ్బు వస్తోంది. కొనేవాళ్లు ఎక్కువైతే బాండ్ ధర పెరిగి ఈల్డ్ దిగుతుంది.

మన దేశంలో నిజంగా తలకిందులైన రోజులు నేను కళ్లారా చూశాను. 2013లో. అమెరికా డబ్బు వెనక్కి పోతోంది, రూపాయి జారుతోంది. జూలై 15, సోమవారం రాత్రి రిజర్వు బ్యాంకు ప్రకటన వచ్చింది. బ్యాంకులు అత్యవసరంగా తీసుకునే అప్పుపై వడ్డీని ఒక్కసారిగా 10.25 చేశారు. రెపో 7.25 దగ్గరే ఉంచారు, కాని రెపో మీద ఇచ్చే డబ్బుకి పరిమితి పెట్టారు. మర్నాడు పొద్దున్న డెస్క్ దగ్గర కూర్చుంటే తెర మీద కొనేవాడి వైపు ఖాళీ. అమ్మడానికి అందరూ ఉన్నారు, కొంటానన్న ధర కనబడటం లేదు. పదేళ్ల ఈల్డ్ ఆ ఒక్క రోజులో అర శాతం లేచింది. నా పక్క సీటు కుర్రాడు తెచ్చుకున్న ఇడ్లీ సాయంత్రం దాకా విప్పలేదు. కొన్ని వారాల్లో 91 రోజుల బిల్లు ఏడున్నర నుంచి 11 దాటింది, పదేళ్లది మాత్రం ఎక్కువ రోజులు 8, 9 మధ్యే ఉంది. రెండు శాతం పైన తలకిందు! అమెరికాలో అంత కనబడితే పత్రికలు గగ్గోలు పెట్టేవి.

మాంద్యం వచ్చిందా? రాలేదు. ఆ ఆర్థిక సంవత్సరం వృద్ధి అంతకు ముందు ఏడాది కన్నా తగ్గలేదు. సెప్టెంబరులో రఘురామ్ రాజన్ గవర్నరుగా వచ్చాక ఆ 10.25ని 9.50కి, తర్వాత ఇంకా కిందికి దించారు, రెపోని మెల్లగా పెంచారు. వరస దానంతట అది సరైంది.

మన పల్లెల్లో ఇది ఏటా చూస్తాం కదా మాస్టారూ. ఉభాల వేళ అందరికీ ఒకేసారి డబ్బు కావాలి, చేబదులు నూటికి మూడు రూపాయలు పలుకుతుంది. అదే మనిషి ఏడాదికి నోటు రాయించుకుంటే రెండు రూపాయలకే ఇస్తాడు. పంట చేతికొస్తే గిరాకీ తగ్గుతుందని అతనికి తెలుసు. దాన్ని చూసి పంట పోతుందని ఎవరైనా అంటారా? 2013లో జరిగింది డబ్బు కరువు, రిజర్వు బ్యాంకు కావాలని తెచ్చిన కరువు. అందుకే వరస తలకిందులైతే నేను ముందు అడిగేది ఒకటే. చిన్న వడ్డీని పైకి పట్టుకున్నది ఎవరు, ఎందుకు పట్టుకున్నారు?

రాజాం కుర్రాడు | 12 ఆగస్టు 2024, రాత్రి 8:40

సార్, అలాగైతే అమెరికాలోనూ చిన్న వడ్డీని పైకి పట్టుకున్నది ఫెడ్డే కదా. తేడా ఏముంది?

కోటజంక్షన్ | 12 ఆగస్టు 2024, రాత్రి 9:15

మంచి ప్రశ్న. ఫెడ్ పట్టుకున్నది ధరలను అణచడానికి, అంటే పనులను మందగింపజేయడానికే. ఎంతకాలం పట్టుకుంటే అంత ఎక్కువమంది పాత చవక అప్పులు తీరిపోయి కొత్త వడ్డీ కిందికి వస్తారు. 2013లో మన దగ్గర అది కొన్ని నెలలే. అక్కడ రెండేళ్లు దాటింది. అందుకే మాంద్యం రాదని నేనూ గట్టిగా అనను. హార్వేగారే కిందటేడాది, ఈసారి తన గుర్తు తప్పుడు సంకేతం ఇస్తుండవచ్చని అన్నారు. కనిపెట్టినాయనే అంత జాగ్రత్తగా ఉన్నారు.

ఇక మాస్టారి లెక్క. 10 లక్షలు అయిదేళ్లకు 6.50 మీద వేస్తే, మూడు నెలలకోసారి వడ్డీ కలుస్తూ చివరికి 13 లక్షల 80 వేల దాకా వస్తాయి. 400 రోజులకు 7.10 మీద 10 లక్షల 80 వేలు. ఆ తర్వాత మిగిలిన 3 ఏళ్ల 11 నెలలకు 6.33 శాతం దొరికితే రెండూ సమానం. దానికంటే ఎక్కువ దొరుకుతుందనుకుంటే 400 రోజులు, తక్కువే అనుకుంటే అయిదేళ్లు. అమ్మాయికి మధ్యలో డబ్బు అవసరం పడుతుందా అన్నది దీనికంటే ముందు చూడండి. గడువుకి ముందు విరిస్తే బ్యాంకు వడ్డీ కోస్తుంది.

ఆమదాలవలస మాస్టారు | 13 ఆగస్టు 2024, ఉదయం 7:05

ఇప్పుడు నాకు దొరికింది. కాగితం మీద వేసి చూశాను, 6.33 నాకూ అలాగే వచ్చింది. అమ్మాయి ఏడాది తర్వాత ఇల్లు కట్టుకోవాలనుకుంటోంది, అందుకని 400 రోజులకే వేస్తున్నాను.

ఆమదాలవలస మాస్టారు | 5 అక్టోబరు 2025, ఉదయం 8:10

పాత చర్చ పైకి తెస్తున్నాను, ఏమనుకోకండి. డిపాజిట్ గడువు తీరింది. ఇల్లు కట్టడం వచ్చే ఏడాదికి వాయిదా పడి, తర్వాత మానేశారు. ఈలోగా రెపో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు 6.50 నుంచి 5.50కి దిగింది. అదే కిటికీ పక్కన అదే బోర్డు. మూడేళ్ల పైన, అయిదేళ్ల లోపు 6.30 రాసి ఉంది. 6.33కి వెంట్రుకవాసి తక్కువ! నేను ఓడానా, గెలిచానా?

కోటజంక్షన్ | 5 అక్టోబరు 2025, ఉదయం 11:25

రెండూ కాదు మాస్టారూ. మీ 10 లక్షల మీద నాలుగేళ్లకు వచ్చే తేడా వెయ్యి రెండు వేల రూపాయలు. కిందటేడాది బోర్డులో ఆ బ్యాంకు వేసుకున్న అంచనా ఈసారి సరిపోయింది. ఇంకోసారి ఇంత దగ్గరగా సరిపోతుందని మాత్రం నమ్మకండి.

రాజాం కుర్రాడు | 5 అక్టోబరు 2025, మధ్యాహ్నం 12:50

నా సంగతి కూడా చెబుతాను. అమ్మిన ఫండ్లు తిరిగి కొనలేకపోయాను, ధర పెరిగిపోయింది. అమెరికా వరస రెండేళ్ల లెక్కలో కిందటేడాది సెప్టెంబరులో, మూడు నెలల లెక్కలో డిసెంబరులో సరైంది. ఇంతవరకు అక్కడ మాంద్యం ప్రకటించలేదు.

లక్ష్మి, ఎకనామిక్స్ | 5 అక్టోబరు 2025, సాయంత్రం 4:30

ప్రకటన ఏడాది ఆలస్యంగా రావచ్చని ఇక్కడే చదువుకున్నాం తమ్ముడూ. నేనింకా దీన్ని తప్పుడు సంకేతాల లెక్కలో వేయలేదు. కోటజంక్షన్ గారు వేసేశారా?

కోటజంక్షన్ | 5 అక్టోబరు 2025, రాత్రి 7:15

దాదాపు వేసేశానండి. తలకిందులై మూడేళ్లు దాటింది. ఇప్పుడు మాంద్యం వచ్చినా దానికి వేరే కారణం వెతకాలి. ఎంతకాలం ఆగాక గుర్తు తప్పిందనాలో ముందే రాసిపెట్టుకోకపోతే ఏ గుర్తయినా ఎప్పటికీ తప్పదు.

లక్ష్మి, ఎకనామిక్స్ | 5 అక్టోబరు 2025, రాత్రి 7:40

ఆ గడువు రెండేళ్లా, మూడేళ్లా అన్నదే మన పేచీ. నేను 2026 చివరిదాకా ఆగుతాను.

పలాస జీడి | 6 అక్టోబరు 2025, ఉదయం 9:30

నా సీసీ వడ్డీ ఒక శాతం తగ్గిందండీ. 60 లక్షల మీద ఏడాదికి 60 వేలు. కాని కిందటి దసరాకి ఆగకుండా పిక్కలు కొన్నందుకే ఎక్కువ మిగిలింది.